వాటా అడుగుతూ తోబుట్టువులకు రాసే ఉత్తరంలో ఏముండాలి

తండ్రి పోయిన తరువాత పుట్టింటి ఆస్తిలో తన భాగం కావాలనుకున్న కూతురు సాధారణంగా మొదట నోటితోనే అడుగుతుంది. పండుగకో పెళ్లికో వెళ్లినప్పుడు తల్లి చెవిన వేస్తుంది, వదినతో కబురు పంపుతుంది. "చూద్దాంలే" అన్న జవాబుతో కొన్నేళ్లు గడిచిపోతాయి. చివరికి ఆమె కాగితం తీసుకుని ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరాన్ని మొదట చదివేది అన్నదమ్ములే అయినా, మాట కుదరకపోతే తరువాత చదివేది ఇరుపక్షాల న్యాయవాదులు, ఆ తరువాత న్యాయమూర్తి. మనసులోని బాధ మాత్రమే నిండిన ఉత్తరం ఆ రెండో చదువులో ఆమెకు సాయపడదు. బెదిరింపుతో నిండిన ఉత్తరం మొదటి చదువులోనే తలుపులు మూసేస్తుంది. రెంటికీ నిలబడే ఉత్తరం రాయాలంటే తాను అడుగుతున్నది ఏమిటో, ఎంతో, ఎందువల్లనో ఆమెకు ముందుగా స్పష్టంగా తెలియాలి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుని ఈ విషయాన్ని చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక హిందూ కుటుంబంలో తాత 1951లో చనిపోగా 8 ఎకరాల మాగాణి ఆయన ఒక్కగానొక్క కొడుకుకు వచ్చింది. ఆ కొడుకుకు ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఆడపిల్ల నడిమిది, ఆమె పెళ్లి 1982లో జరిగింది. తండ్రి ఉద్యోగం చేస్తూ తన జీతంతో పట్టణంలో 400 గజాల ఇంటి స్థలం కొన్నాడు. 2016లో ఆయన వీలునామా రాయకుండా కాలం చేశాడు. తల్లి ఉంది. 2017లో అన్నదమ్ములిద్దరూ పొలాన్ని చెరి 4 ఎకరాలుగా తమ పేర్లకు మార్పించుకుని పట్టాదారు పాస్‌పుస్తకాలు తీసుకున్నారు. ఆడపడుచు రాసిన ఉత్తరం ఇలా మొదలవుతుంది:

"పెద్దన్నయ్యకు నమస్కారాలు. తమ్ముడికి ఆశీస్సులు. నాన్నగారు 2016లో వీలునామా ఏదీ రాయకుండా కాలం చేశారు. తాతగారి నుంచి నాన్నగారికి వచ్చిన 8 ఎకరాల మాగాణి, నాన్నగారు తన జీతంతో కొన్న 400 గజాల స్థలం అమ్మకు, మన ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నాయి. వాటిని చట్ట ప్రకారం పంచుకుని, నా భాగాన్ని సరిహద్దులతో విడదీసి, రిజిస్టరు దస్తావేజు రాయించుకుందామని కోరుతున్నాను."

ఈ నాలుగు మాటల్లో ఉండవలసినవి చాలావరకు ఉన్నాయి. "మీ ఆస్తిలో నాకు కొంత ఇవ్వండి" అని ఆమె రాయలేదు. ఆస్తి ఇప్పటికే నలుగురిదీ అని, విడదీయడమే మిగిలిందని రాసింది. చట్టం దృష్టిలో ఆమె ఉన్న స్థితి కూడా అదే. పొలం ఎలా వచ్చిందో, స్థలం ఎలా వచ్చిందో విడివిడిగా చెప్పింది. మన ఊళ్లలో తండ్రి వదిలి వెళ్లిన ప్రతి సెంటునూ "పిత్రార్జితం" అనేస్తారు గానీ, ఆమె వాటా లెక్క పూర్తిగా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

పొలం సంగతి ముందు చూద్దాం. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమలులోకి వచ్చింది. అంతకుముందే తాత చనిపోయి, భూమి పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం తండ్రికి వచ్చింది కాబట్టి, అది ఆయన చేతిలో పూర్వీకుల ఉమ్మడి ఆస్తి అవుతుంది. అందులో ఆయన పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. పాత రోజుల్లో ఆ పిల్లలంటే మగపిల్లలే. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో సెక్షన్ 6 మారి, కూతురు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కుదారు అయింది. అంటే 8 ఎకరాలకు హక్కుదారులు నలుగురు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. తండ్రి చనిపోవడానికి ముందు క్షణంలో పంపకం జరిగినట్టు చట్టం భావిస్తుంది. తండ్రీ పిల్లల మధ్య పంపకంలో భార్యకు వాటా ఇచ్చే పద్ధతి దక్షిణాదిన ఎప్పుడో మరుగున పడింది కాబట్టి ఒక్కొక్కరికీ 2 ఎకరాలు వస్తాయి. తండ్రి వంతు వచ్చిన 2 ఎకరాలు ఆయన వారసులకు, అంటే తల్లికీ ముగ్గురు పిల్లలకూ, తలా 50 సెంట్లు చొప్పున చెందుతాయి. కూతురికి మొత్తం 2 ఎకరాల 50 సెంట్లు, అన్నదమ్ములకు కూడా ఒక్కొక్కరికి అంతే, తల్లికి 50 సెంట్లు.

స్థలం లెక్క ఇలా ఉండదు. అది తండ్రి స్వార్జితం. ఆయన బతికి ఉన్నంతకాలం పిల్లలెవరికీ అందులో హక్కు లేదు. ఆయన తలుచుకుంటే ఎవరికైనా రాసి ఇవ్వగలిగేవాడు. రాయలేదు కాబట్టి సెక్షన్ 8 ప్రకారం తల్లి, ముగ్గురు పిల్లలు తలా 100 గజాలకు వారసులు.

ఈ లెక్కలో ఒక్క సంవత్సరం మారినా ఫలితం మారుతుంది. తాత 1951లో కాక 1972లో చనిపోయాడనీ, ఆ 8 ఎకరాలు తాత స్వార్జితమనీ అనుకుందాం. అప్పుడు తండ్రికి ఆ భూమి కొత్త చట్టంలోని సెక్షన్ 8 కింద వచ్చినట్టు. అలా వచ్చిన ఆస్తి కొడుకు చేతిలో అతని సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది. కాబట్టి తాత భూమే అయినా పిల్లలకు పుట్టుకతో వచ్చిన హక్కు ఉండదు. తండ్రి వీలునామా రాయలేదు కాబట్టి కూతురికి 2 ఎకరాలు వస్తాయి. తండ్రి మొత్తం కొడుకుల పేర రాసి ఉంటే ఆమెకు ఒక్క సెంటు కూడా రాదు. తాత మరణ సంవత్సరం, భూమి తాతకు ఎలా వచ్చిందన్న వివరం తెలియకుండా "పిత్రార్జితంలో నా సమాన వాటా" అని రాసేసిన ఉత్తరాలు చాలావరకు ఇక్కడే చిక్కుకుంటాయి.

అదే 1951 నాటి పూర్వీకుల భూమి విషయంలో తండ్రి మొత్తం కొడుకులకే చెందాలని వీలునామా రాసినా, అది ఆయన సొంత వంతైన 2 ఎకరాల మేరకే చెల్లుతుంది. అప్పుడు అన్నదమ్ములకు 3 ఎకరాల చొప్పున, కూతురికి పుట్టుకతో వచ్చిన 2 ఎకరాలు మిగులుతాయి. వీలునామా ఉందని వినగానే చాలామంది ఆడపడుచులు వెనక్కి తగ్గుతారు. దాని నకలు అడిగి, అది ఏ ఆస్తి గురించి మాట్లాడుతోందో చూసిన తరువాత తగ్గాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

ఇక అన్నదమ్ముల నుంచి రాగల జవాబులు. ఉత్తరం రాసేటప్పుడే ఇవి మనసులో ఉండాలి.

తెలుగునాట అన్నిటికంటే ముందు వినిపించే మాట, "85కు ముందు పెళ్లైన వాళ్లకు హక్కు లేదు" అన్నది. ఇది గాలిలో పుట్టిన మాట కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చట్టానికి సవరణ చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించింది. కేంద్రం కంటే ఇరవై ఏళ్లు ముందుగా మన రాష్ట్రం వేసిన ఆ అడుగును గౌరవంతో తలచుకోవాలి. అయితే ఆ సవరణ అప్పటికే పెళ్లైన కూతుళ్లను మినహాయించింది. మన ఉదాహరణలోని ఆడపడుచు పెళ్లి 1982లో జరిగింది కాబట్టి, ఆ చట్టం ఒక్కటే ఉంటే ఆమెకు ఈ హక్కు వచ్చేది కాదు. 2005 కేంద్ర సవరణలో పెళ్లి తేదీతో పని లేదు. అయినా ఇరవై ఏళ్ల పాటు ఊరి పెద్దలు, దస్తావేజు లేఖరులు చెప్పిన మాట జనం నోళ్లలో అలాగే నిలిచిపోయింది. కాబట్టి ఉత్తరంలో ఈ సంగతిని ఒక వాక్యంలో సౌమ్యంగా చెప్పడం మంచిది:

"నా పెళ్లి 1985కు ముందు అయినందువల్ల నాకు హక్కు లేదని బంధువులు అంటున్నట్టు విన్నాను. 2005లో వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేదీతో సంబంధం లేకుండా కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. కావాలంటే మీకు నమ్మకమైన వకీలునే అడిగి చూడండి."

దీని వెంట వచ్చే మాట, తండ్రి 2005కు ముందే పోతే కూతురికి ఈ హక్కు రాదన్నది. మన ఉదాహరణలో తండ్రి 2016 వరకు ఉన్నాడు కాబట్టి ఆ ప్రశ్నే రాదు. అయినా చాలా కుటుంబాల్లో అదే పెద్ద తగాదా. 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో సవరణ అమలులోకి వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాలన్నది. 2018లో మరో తీర్పు వేరే దారిలో నడిచింది. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ గందరగోళాన్ని తీర్చింది. హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని చెప్పింది. 2015 నుంచి 2020 మధ్య ఏ వకీలో "లాభం లేదమ్మా" అని చెబితే ఊరుకున్న ఆడపడుచులు తమ సంగతి మళ్లీ అడిగి చూడాలి.

పెద్దన్నయ్య నుంచి రాగల రెండో జవాబు మరింత గట్టిది: "నాన్నగారు 1998లోనే మా ఇద్దరికీ పంచేశారు." ఇది నిజమైతే, నిరూపణ అయితే, లెక్క మారిపోతుంది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన పంపకాలను కొత్త చట్టం కదిలించదు. అయితే పంపకం అంటే రిజిస్టరు అయిన దస్తావేజు గానీ, కోర్టు డిక్రీ గానీ అయి ఉండాలని సెక్షన్ 6లోని వివరణ చెబుతుంది. నోటిమాట పంపకం జరిగిందనే వాదనను మామూలుగా ఒప్పుకోరాదనీ, ప్రభుత్వ రికార్డులు దాన్ని బలపరిచి, డిక్రీతో జరిగినంత స్పష్టంగా రుజువైన అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చనీ, కేవలం నోటి సాక్ష్యం మీద నిలిచే వాదనను తోసిపుచ్చాలనీ వినీతా శర్మ తీర్పు స్పష్టం చేసింది.

కాబట్టి ఉత్తరం రాయడానికి ముందే ఆడపడుచు రెండు చోట్ల చూడాలి. మొదటిది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి వచ్చే ఈసీ, అంటే ఆ సర్వే నంబరు మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా. 1998 నాటి పంపకపు దస్తావేజు రిజిస్టరు అయి ఉంటే అందులో కనబడుతుంది. రెండోది రెవెన్యూ రికార్డు: ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బి, తెలంగాణలో పహాణీ. 1998లో పంచేశారంటున్న భూమి 2017 దాకా తండ్రి పేరు మీదే ఒకే ఖాతాగా నడిచి ఉంటే, ప్రభుత్వ రికార్డు ఆ వాదనను బలపరచకపోవడమే కాదు, దానికి ఎదురు నిలుస్తుంది. మన ఉదాహరణలో జరిగింది అదే. ఈ నకళ్లు దగ్గర పెట్టుకున్నాక ఆమె ఉత్తరంలో పంపకం గురించి వాదించవలసిన అవసరమే ఉండదు. "నాన్నగారు పోయేనాటికి పొలమంతా ఆయన పేరు మీదే ఉంది" అన్న వాస్తవం చాలు.

నిజంగానే 1998లో తండ్రీ కొడుకులు ముగ్గురూ రిజిస్టరు పంపకం చేసుకుని ఉంటే ఏమవుతుంది? కొడుకులకు వెళ్లిన భాగాలను ఆమె కదిలించలేదు. తండ్రి భాగానికి వచ్చిన సుమారు 2 ఎకరాల 66 సెంట్లు ఆయన పోయేనాటికి మిగిలి ఉంటే, అందులో వారసురాలిగా నాలుగో వంతు, అంటే సుమారు 66 సెంట్లు అడగవచ్చు. ఈసీలో అటువంటి దస్తావేజు కనబడినప్పుడు దాన్ని దాచి 2 ఎకరాల 50 సెంట్లు అడగడం అన్నదమ్ములకూ అన్యాయమే, ఆమెకూ నష్టమే.

మూడో జవాబు కట్నం, బంగారం, పెళ్లి ఖర్చు. ఈ మాట ఆడపడుచును అన్నిటికంటే ఎక్కువగా నొప్పిస్తుంది కాబట్టి చాలా ఉత్తరాలు దీనికి బదులు చెప్పడంతోనే నిండిపోతాయి: ఎంత ఇచ్చారు, ఎవరెవరి పెళ్లికి ఎంత ఖర్చైంది, చదువులకు ఎవరికి ఎంత పెట్టారు అని. ఆ జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. పెళ్లిలో ఇచ్చినది వాటాకు చెల్లు అని చట్టంలో ఎక్కడా లేదు. ఉత్తరంలో మాత్రం "నా పెళ్లికి నాన్నగారు నా భాగంగా బంగారం ఇచ్చారు, నిజమే" అని రాస్తే, రేపు అదే వాక్యాన్ని ఆమె ఒప్పుకోలుగా చదువుతారు. పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద పొలం రాసి ఇచ్చి ఉంటే అది వేరే సంగతి. ఆ కాగితం ఏమిటో, అందులో ఏమి రాశారో చూసి, దాని గురించి ముందుగానే నిజం చెప్పాలి.

నాలుగోది సంతకం. 2017లో తహసీల్దారు కార్యాలయంలో పేర్లు మార్చేటప్పుడు "అభ్యంతరం లేదు" అని ఆమె చేత సంతకం పెట్టించారని అన్నదమ్ములు అనవచ్చు. పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన హక్కు పోదు; రెవెన్యూ నమోదు శిస్తు కోసమే గానీ యాజమాన్యానికి రుజువు కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. స్థిరాస్తిలో ఉన్న హక్కును వదులుకోవాలంటే రిజిస్టరు అయిన హక్కు విడుదల దస్తావేజు కావాలి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ కాగితంలో "మేమంతా ఇదివరకే నోటిమాటగా పరిష్కరించుకున్నాం" అన్న వాక్యం ఉంటే, కుటుంబ పరిష్కారం జరిగిందనడానికి దాన్ని వాడుకునే ప్రయత్నం చేస్తారు. కుటుంబ పరిష్కారాలను కోర్టులు కొంత ఆదరంగానే చూస్తాయి. కాబట్టి సంతకం పెట్టిన గుర్తు ఉంటే ఉత్తరానికి ముందే ఆ దస్త్రం నకలు సమాచార హక్కు కింద తీసుకుని చదవాలి. చదవకుండా "నేనెక్కడా సంతకం పెట్టలేదు" అని రాయడం ప్రమాదం.

ఉత్తరం రాసేవారు తరచుగా మరిచిపోయే మరో సంగతి కాలపరిమితి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను మినహాయించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 110వ అధికరణం చెబుతుంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే లెక్క. పాస్‌పుస్తకంలో పేర్లు మారడం ఒక్కటే మినహాయింపు కాదు. కానీ ఎవరైనా ఒక రోజున ఎదురుగా నిలబడి "నీకు ఇందులో భాగం లేదు" అని స్పష్టంగా కాదన్నప్పుడు గడియారం మొదలవుతుంది. మన ఉదాహరణలో 2017లో పేర్లు మార్చినప్పుడు పెద్దన్నయ్య అలా అని ఉంటే, ఆమెకు 2029 వరకు సమయం ఉంది. అలా ఎవరూ అనకపోతే, కోపంలో "పదేళ్ల క్రితమే నన్ను బయటికి నెట్టేశారు" అని రాయడం, జరగని సంఘటనకు తేదీ ఇచ్చినట్టవుతుంది. జరిగినదాన్ని దాచమని నేను చెప్పడం లేదు. జరిగినదాన్ని జరిగినంత మేరకే రాయాలి. "2017లో పాస్‌పుస్తకాలు మీ పేర్లకు మారినట్టు ఈ మధ్య 1బి నకలు తీసుకున్నప్పుడు తెలిసింది" అన్నది నిజమైతే అదే రాయాలి. అన్నదమ్ములు ఈ ఉత్తరానికి జవాబుగా కాదని రాసి పంపితే, ఆ జవాబు చేరిన తేదీని భద్రంగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అంతకుముందు స్పష్టమైన నిరాకరణ లేనప్పుడు 12 ఏళ్ల లెక్కకు అది మొదలు కావచ్చు.

ఉత్తరం ఎవరికి రాయాలన్నది కూడా చిన్న సంగతి కాదు. అన్నదమ్ములకే రాసి తల్లిని, ఇతర అక్కచెల్లెళ్లను వదిలేస్తే అది సగం ఉత్తరమే. పంపకం దావాలో హక్కుదారులందరూ, ఆస్తులన్నీ ఉండాలి. ఒక పొలం గురించి మాత్రం అడిగి స్థలాన్ని వదిలేస్తే పాక్షిక పంపకం అన్న అభ్యంతరం వస్తుంది. అందుకే ఉత్తరం చివర ఆస్తుల పట్టిక ఉండాలి: గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, సరిహద్దులు. తండ్రి తీసుకున్న పంట రుణం బాకీ ఉంటే అది కూడా ఆ పట్టికలో రావాలి, ఎందుకంటే కూతురికి హక్కుతో పాటు కొడుకుతో సమానంగా బాధ్యతలు కూడా వస్తాయి.

తమ్ముడు 2019లో అందులో ఒక ఎకరం అమ్మాడని ఈసీలో తేలిందనుకుందాం. అతను తన భాగాన్ని అమ్మగలడు గానీ అక్క భాగాన్ని అమ్మలేడు. అందుకని కొన్నవారిని వెళ్లగొట్టాలని కూడా లేదు. పంపకంలో ఆ ఎకరాన్ని తమ్ముడి 2 ఎకరాల 50 సెంట్లలో కలిపి చూపితే, అతనికి 1 ఎకరం 50 సెంట్లు మిగులుతుంది, కొన్నవారికి ఇబ్బంది ఉండదు, ఆమె భాగం తగ్గదు. ఈ సర్దుబాటును ఆమే ముందుగా ఉత్తరంలో సూచిస్తే, భయంతో బిగుసుకుపోయిన తమ్ముడు మాట్లాడటానికి ముందుకు వస్తాడు. అలాగే తండ్రి పోయాక అన్నయ్య తన డబ్బుతో బోరు వేయించి ఉంటే, ఆ బోరు ఉన్న భాగం ఆయనకే వచ్చేలా పంచుకోవడం న్యాయం. కోర్టుకు వెళ్లినా ఇటువంటి సర్దుబాట్లే చూస్తారు.

"అన్నయ్య బోరు వేయించిన తూర్పు భాగం అన్నయ్యకే ఉండాలన్నది నా అభిప్రాయం. తమ్ముడు అమ్మిన ఎకరం తమ్ముడి భాగంలో లెక్క వేసుకుందాం. అమ్మ భాగం 50 సెంట్లు, స్థలంలో 100 గజాలు అమ్మ పేరనే విడిగా రాయిద్దాం. భూమి విడదీయడం మీకు ఇబ్బంది అనుకుంటే, నా భాగానికి ఇప్పటి మార్కెట్ ధర కట్టి ఇచ్చినా నాకు సమ్మతమే. ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లోగా కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మను చూసుకుంటున్నది మీరే అన్న సంగతి నేను మరవలేదు."

డబ్బు తీసుకునే పక్షంలో ఒక చిక్కు తరచూ వస్తుంది. హక్కు విడుదల దస్తావేజులో "మొత్తం సొమ్ము ముట్టింది" అని రాయించి, చేతికి కొంతే ఇచ్చి, మిగతాది పంట వచ్చాక ఇస్తామంటారు. దస్తావేజు రిజిస్టరు అయ్యాక ఆమెకు భూమిలో హక్కు ఉండదు. మిగిలేది నోటి బాకీ. బ్యాంకు డ్రాఫ్టు అందుకున్న రోజునే, దాని నంబరును దస్తావేజులో రాయించి సంతకం పెట్టాలి. ప్రభుత్వ మార్కెట్ విలువ వేరు, ఊళ్లో నడుస్తున్న ధర వేరు. ఏ ధర మీద ఒప్పుకుంటున్నారో ముందే తేల్చుకోవాలి.

ఉత్తరాన్ని చేతికిచ్చినా, వాట్సాప్‌లో పంపినా సరే, చేరినట్టు రుజువు వచ్చే స్పీడ్ పోస్టులో ఒక్కొక్కరికీ విడివిడిగా కూడా పంపి, రసీదుతో పాటు నకలు దాచుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే నేరుగా దావాకు పోనక్కరలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే, దావా వేయకముందే అన్నదమ్ములను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ న్యాయసేవాధికార చట్టంలోని సెక్షన్ 12 కింద ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. వకీలు ఫీజుకు భయపడి ఊరుకున్న వారికి ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత తెలిసిన వారందరిదీ.

దావా తప్పనిసరైతే, అది భూమి ఉన్న ప్రాంతపు సివిల్ కోర్టులో వేయాలి. మొదట ఎవరికి ఎంత వాటా అని ప్రాథమిక డిక్రీ వస్తుంది. తరువాత హద్దులతో విడదీసే తుది డిక్రీ. ఈ రెంటి మధ్య చాలా ఏళ్లు పట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో ప్రాథమిక డిక్రీ 1999లో వచ్చింది. తుది డిక్రీ రాకముందే 2005 సవరణ వచ్చింది. అటువంటప్పుడు ప్రాథమిక డిక్రీని సవరించి కూతుళ్లకు కొత్త వాటా ఇవ్వవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత దావాలో కొద్ది వాటాతో డిక్రీ వచ్చి, తుది డిక్రీ ఇంకా రాని ఆడపడుచులు ఉంటే వారు కొత్త ఉత్తరం రాయనక్కరలేదు. ఆ దావాలోనే దరఖాస్తు వేసుకోవచ్చు.

ఇదంతా హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల సంగతి. బౌద్ధ, జైన, సిక్కు కుటుంబాలకు కూడా ఇదే చట్టం. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలు ఉన్నాయి. షెడ్యూల్డ్ తెగలకు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప సెక్షన్ 2 ప్రకారం ఈ చట్టం వర్తించదు. ఆ కుటుంబాల ఆడపడుచులు ఈ లెక్కతో ఉత్తరం రాయకూడదు.

పంపకం కుదిరిన రోజున తల్లి భాగం మీద మళ్లీ దృష్టి పెట్టాలి. తల్లి వయసును చూపి "అమ్మది మా దగ్గరే ఉంటుంది కదా" అంటూ ఆ 50 సెంట్లను, 100 గజాలను కొడుకుల భాగాల్లో కలిపి దస్తావేజు రాయించడం చాలా కుటుంబాల్లో జరుగుతుంది. అవి ఆమె సంపూర్ణ హక్కుతో అనుభవించే ఆస్తి. ఆమె జీవితకాలంలో ఆమె వైద్యానికీ తిండికీ ఆధారం అదే. తన తదనంతరం ఎవరికి ఇవ్వాలన్నది ఆమె ఇష్టం. ఆమె ఏమీ రాయకపోతే ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుంది. దస్తావేజు చిత్తు ప్రతిని తల్లికి చదివి వినిపించి, ఆమె పేరున ఉన్న షెడ్యూలులో సర్వే నంబరు, సరిహద్దులు సరిగా ఉన్నాయో లేదో చూసిన తరువాతే ఆడపడుచు తన సంతకం పెట్టాలి.